మధ్యాహ్నం 2 గంటలకి పేపర్ అయితే అన్నం ఎప్పుడు తినాలి?

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు. చెన్నై టి.నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండి సీఏ ఇంటర్‌కి చదువుతున్నాను. వయసు 21, బరువు 55 కిలోలు. పరీక్షలకి ఇంకా మూడు వారాలే ఉంది. పొద్దున్నుంచి రాత్రి ఒంటిగంట దాకా కుర్చీలోనే ఉంటాను. మధ్యాహ్నం ఒంటిగంటకి అన్నం తిన్నాక రెండున్నర నుంచి నాలుగున్నర దాకా కళ్ళు మూసుకుపోతున్నాయి. మా పేపర్లేమో సరిగ్గా 2 నుంచి 5 వరకు. రోజుకి ఐదు కాఫీలు తాగుతున్నా లాభం లేదు. రాత్రి పదకొండుకి ఆకలేసి బిస్కెట్లో, నూడుల్సో తింటున్నాను. పరీక్ష రోజు అన్నం మానేసి వెళ్ళమని ఫ్రెండ్స్ అంటున్నారు. అమ్మేమో రోజూ బాదంపప్పులు తినమంటుంది. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, చెన్నై

జవాబు: అన్నం మానెయ్యకమ్మా. కానీ ఒంటిగంటకి తినే అన్నాన్ని పదకొండున్నరకి జరుపు, సగానికి తగ్గించు, దాని పక్కన పప్పో గుడ్డో తప్పకుండా ఉండేలా చూసుకో. ఈ మార్పుని పరీక్ష రోజు కాకుండా ఈ వారంలోనే మొదలుపెట్టు. నీకు చెప్పాల్సినదాంట్లో ముఖ్యమైనది ఇదే. ఎందుకో, ఎలాగో వివరంగా చెప్తాను.

మధ్యాహ్నం మత్తుకి అన్నం ఒక్కటే కారణం కాదు. మన ఒంట్లో ఉన్న గడియారం రోజుకి రెండుసార్లు కిందికి దిగుతుంది. ఒకటి నడిరాత్రి దాటాక, రెండోది మధ్యాహ్నం సుమారు ఒంటిగంట నుంచి నాలుగు మధ్యలో. ఏమీ తినకుండా కూర్చున్నవాళ్ళకి కూడా ఆ వేళలో చురుకు కొంత తగ్గుతుంది. అందుకే మీ ఫ్రెండ్స్ చెప్పిన ఉపాయం పని చెయ్యదు. ఖాళీ కడుపుతో వెళ్తే మత్తు పూర్తిగా పోదు సరికదా, మూడున్నరకల్లా ఆకలి, తలనొప్పి, చిరాకు తోడవుతాయి. ఎనిమిదింటికి తిన్న ఇడ్లీతో సాయంత్రం ఐదు దాకా నెట్టుకురావడం అంటే తొమ్మిది గంటలు. చివరి గంటలో లెక్కల్లో అంకెలు తారుమారయ్యేది అలాంటప్పుడే.

అయితే ఈ సహజమైన దిగుడుని మనం తినే తిండి బాగా లోతు చేస్తుంది. నీ హాస్టల్ కంచాన్నే తీసుకుందాం. చెన్నై హాస్టళ్ళలో మామూలుగా సాంబారన్నం, రసమన్నం, మజ్జిగన్నం అని మూడు విడతలు ఉంటాయి, పక్కన రెండు చెంచాల పొరియల్ కూర, ఒక అప్పడం. మూడు విడతలూ కలిపితే వండిన అన్నం సులువుగా 400 గ్రాములు దాటుతుంది. అంటే ఒక్క అన్నం నుంచే దాదాపు 500 క్యాలరీలు, 110 గ్రాముల దాకా పిండిపదార్థం. ప్రొటీన్ మాత్రం సాంబారుతో కలిపినా 12, 13 గ్రాములకి మించదు. తెల్లన్నం త్వరగా అరిగి రక్తంలో చక్కెరని గబగబా పెంచుతుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది. తిన్న వెంటనే కుర్చీలో కూర్చుంటే ఆ చక్కెరని వాడుకునే కండరాలకి పనే ఉండదు. పెద్ద భోజనం తర్వాత పేగుల నుంచి వచ్చే సంకేతాలు కూడా మెదడుని విశ్రాంతి వైపు లాగుతాయి. ఇదంతా రెండు గంటల ప్రాంతంలో, గడియారం దిగే వేళలోనే జరుగుతోంది కాబట్టి నీకు అంత బరువుగా ఉంటోంది.

తిన్నాక రక్తమంతా పొట్టకి పోయి మెదడుకి తక్కువవుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మెదడుకి వెళ్ళే రక్తాన్ని శరీరం జాగ్రత్తగా కాపాడుకుంటుంది. నీ మెదడుకి లోటేమీ రావట్లేదు, భోజనం పరిమాణమూ వేళా కుదరట్లేదు, అంతే. ఈ రెండూ నీ చేతిలో ఉన్నవే.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. బుర్రతో ఎక్కువ పని చేస్తున్నాం కాబట్టి ఎక్కువ తినాలి అనుకోవద్దు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా మన శక్తిలో దాదాపు ఐదో వంతు మెదడే వాడుకుంటుంది. కష్టమైన లెక్క చేస్తున్నప్పుడు ఆ ఖర్చు పెరిగేది చాలా స్వల్పం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కూర్చుని పని చేసే 55 కిలోల స్త్రీకి రోజుకి సుమారు 1,660 క్యాలరీలు, 46 గ్రాముల ప్రొటీన్ చాలు. నీ బరువు సరిగ్గా అంతే కాబట్టి ఆ లెక్క నీకు అతుకుతుంది. తిండి మొత్తం పెంచక్కర్లేదు, తగ్గించక్కర్లేదు. రోజులో ఎప్పుడు ఎంత అన్న పంపకం మారిస్తే చాలు.

ఇక పరీక్ష రోజు ఎలా ఉండాలో గంటల వారీగా చూద్దాం. రెండింటికి రాయడం మొదలుపెడతావు, 1.45కే ప్రశ్నపత్రం చదవడానికిస్తారు. చెన్నై ట్రాఫిక్‌లో ఒంటిగంటకల్లా సెంటర్ దగ్గర ఉండాలంటే పన్నెండుంబావుకి హాస్టల్లోంచి కదలాలి. మీ హాస్టల్లో భోజనం మొదలయ్యేది పన్నెండున్నరకి అనుకుంటా, దాదాపు అన్ని హాస్టళ్ళలో అంతే. అంటే పరీక్ష రోజు మామూలు భోజనం నీకు ఎలాగూ కుదరదు. ఇది తెలియక చాలామంది పిల్లలు ఆఖరి నిమిషంలో సెంటర్ బయట ఏ సమోసాతోనో, పఫ్‌తోనో సరిపెట్టుకుంటారు. నూనె, మైదా కలిసిన ఆ తిండి కడుపులోంచి కదలడానికి చాలాసేపు పడుతుంది. రాస్తున్నంతసేపూ పులితేన్పులు, గుండెల్లో మంట.

కాబట్టి పొద్దున్న ఎనిమిదికి తినే టిఫినే ఆ రోజుకి అసలు భోజనం అనుకో. నాలుగు ఇడ్లీలు, సాంబారు, రెండు ఉడికించిన గుడ్లు. గుడ్డు తినకపోతే ఒక కప్పు ఉడికించిన శనగలో పెసలో. మనకి పెసరట్టుని మించిన పరీక్షల టిఫిన్ లేదు. యాభై గ్రాముల పెసల్లో 12 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మెల్లగా అరుగుతుంది, ఆకలి త్వరగా వెయ్యదు. చెన్నై హాస్టల్లో పెసరట్టు దొరకదు కానీ అడై దొరుకుతుంది. అది కూడా పప్పులతో చేసేదే, అది పెట్టిన రోజు వదులుకోవద్దు. పొంగల్ మాత్రం పరీక్ష రోజు వద్దు. అందులో పెసరపప్పు ఉన్నా, బియ్యం, నెయ్యి పాళ్ళు ఎక్కువ. వేడివేడిగా రెండు గరిటెలు తిన్నాక వచ్చే మత్తు మద్రాసులో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే.

పదకొండున్నరకి రెండో తిండి. ఇది చిన్నదిగా ఉండాలి. వండిన అన్నం 150 గ్రాములు, అంటే మామూలు నీళ్ళ గ్లాసుకి ఒక గ్లాసు. దాన్ని పెరుగన్నంగా చేసుకుని పక్కన గుప్పెడు ఉడికించిన శనగల సుండలో, ఒక గుడ్డో తీసుకో. పెరుగన్నం తింటే నిద్ర వస్తుందని అంటారు కానీ తప్పు పెరుగుది కాదు, దాని కింద ఉన్న అన్నం గుట్టది. ఒక గ్లాసు అన్నంతో ఆ ఇబ్బంది ఉండదు. పెరుగన్నం ఇష్టం లేకపోతే మూడు ఇడ్లీలు, కారప్పొడి, గుడ్డు సరిపోతాయి. తినేటప్పుడు ముందు గుడ్డు, కూర లాంటివి తిని చివర్లో అన్నం తిను. ఇదే భోజనం ఈ వరసలో తింటే చక్కెర పెరిగే వేగం తగ్గుతుంది. ఖర్చు లేని పని.

ఈ పెరుగన్నం పొద్దున్న టిఫిన్‌తోపాటే వండించుకుని డబ్బాలో పెట్టుకోవాలి కాబట్టి ఒక జాగ్రత్త చెప్తాను. ఎనిమిదింటికి కలిపిన పెరుగన్నం చెన్నై వేడికి పదకొండుకల్లా పుల్లబడిపోతుంది. మన ఇళ్ళలో ప్రయాణాలకి చేసే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. అన్నం మెత్తగా చిదిపి, కాచి గోరువెచ్చగా ఉన్న పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపాలి. తినే వేళకి తోడుకుని కమ్మగా ఉంటుంది. వండినప్పటి నుంచి నాలుగు గంటలు దాటనివ్వకు. మూత వేడి మీద బిగించకు, ఆవిరి పట్టి త్వరగా పాడవుతుంది. వండిన అన్నం బయట ఎక్కువసేపు ఉంటే దాంట్లో పెరిగే ఒక రకం బాక్టీరియా విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. గంట రెండు గంటల్లోనే వాంతులు మొదలవ్వచ్చు. పరీక్షల్లో తిండివల్ల జరిగే నష్టాల్లో మత్తు కంటే ఇదే పెద్దది, అందుకే ఇంత చెప్తున్నాను. కొబ్బరి చట్నీ డబ్బాలో అసలు పెట్టుకోవద్దు, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. నిమ్మకాయ పులిహోర కాస్త నిలవ ఉంటుంది, పోపులో వేరుశనగలు ఎక్కువ వేయించుకుంటే ఇంకా మంచిది.

తిన్నాక కూర్చోవద్దు. సామాను సర్దుకుంటూ, వరండాలో తిరుగుతూ పది నిమిషాలు నడువు. నడిచేటప్పుడు తొడల, పిక్కల కండరాలు రక్తంలోని చక్కెరని తీసేసుకుంటాయి, దానికి ఇన్సులిన్ సాయం కూడా పెద్దగా అక్కర్లేదు. ప్రతి భోజనమయ్యాకా వెంటనే పదేసి నిమిషాలు నడిస్తే, రోజులో ఎప్పుడో ఒకసారి నడిచే అరగంట కంటే ఈ విషయంలో ఎక్కువ పని చేస్తుంది. సెంటర్‌కి బస్సులోనో మెట్రోలోనో వెళ్తే స్టాప్ దాకా నడిచే నడకే ఇందుకు సరిపోతుంది.

ఒంటిగంట దాటాక ఆకలిగా అనిపిస్తే ఒక చిన్న అరటిపండు తిను. అంతకంటే వద్దు. గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్ళు తాగి లోపలికి వెళ్ళే అలవాటు చాలామందికి ఉంది. తాగిన అరగంట బాగానే ఉంటుంది, కొంతమందికి తర్వాత చక్కెర గబుక్కున దిగి నీరసంగా అనిపిస్తుంది. మూడు గంటల పేపర్‌లో ఆ దిగేది సరిగ్గా పెద్ద ప్రశ్నలు రాసే వేళకి వస్తుంది.

నీళ్ళ విషయం ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెప్పాలి. హాల్లో బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని పొద్దున్నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు బరువులో ఒకటి రెండు శాతం తగ్గితే చాలు, ఏకాగ్రత తగ్గుతుంది, తలనొప్పి వస్తుంది. నీ బరువుకి అది అర లీటరు నుంచి లీటరు మాత్రమే. చెన్నై ఉక్కలో బస్సు కోసం నిలబడితే ఆ చెమటకే కొంత పోతుంది. పన్నెండు లోపు లీటరు, లీటరుంబావు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగెయ్యి. పన్నెండున్నర తర్వాత గుక్కలుగా మాత్రమే తీసుకో. లోపలికి వెళ్ళేముందు ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళిరా. హాల్లోకి నీళ్ళ సీసా అనుమతిస్తే లేబుల్ తీసేసిన పారదర్శకమైన సీసా పట్టుకెళ్ళు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్ళు సరిపోయినట్టు. ముదురు పసుపు అయితే తక్కువైనట్టు.

ఇప్పుడు కాఫీ. నీ ఐదు కాఫీల్లో చివరిది ఎన్నింటికో రాయలేదు కానీ, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నావంటే పది ప్రాంతంలో ఒకటి తాగుతున్నావనే నా అనుమానం. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదింటికి తాగినదాంట్లో సగం తెల్లవారుజామున మూడింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నిద్ర పట్టినా లోతుగా పట్టదు. మర్నాడు మధ్యాహ్నం మత్తు రెట్టింపవుతుంది, దానికోసం మళ్ళీ కాఫీ. నీకు లాభం లేకపోవడానికి కారణం ఈ చక్రమే. పైగా రోజుకి 300 మిల్లీగ్రాములకి మించి కెఫీన్ వద్దని పోషకాహార సంస్థ చెప్తుంది. డికాక్షన్ కాఫీ ఒక కప్పులో 80 నుంచి 120 దాకా ఉంటుంది, చికోరీ ఎక్కువ కలిపిన పొడైతే కొంచెం తక్కువ. ఐదు కప్పులంటే హద్దు దాటినట్టే.

కానీ ఒక్కసారిగా మానెయ్యకు. మానేసిన మర్నాడు తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది, రెండు మూడు రోజులు ఉండొచ్చు. నీకు ఇంకా మూడు వారాలుంది కాబట్టి మూడు రోజులకి ఒక కప్పు చొప్పున తగ్గించు. ముందు రాత్రిది, తర్వాత సాయంత్రంది. తొమ్మిది పది రోజుల్లో రెండుకి వస్తావు. పొద్దున్న ఒకటి, సెంటర్ చేరాక ఒంటిగంటకి ఒకటి. రెండోది ఎందుకంటే, కెఫీన్ పూర్తిగా పని చెయ్యడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఒంటిముప్పావుకి ప్రశ్నపత్రం చేతికొచ్చేసరికి అది సరిగ్గా అందుకుంటుంది. అయితే కాఫీ తాగితే కొందరికి కడుపు కదులుతుంది, మూత్రానికి తొందరవుతుంది. నీకు ఎలా ఉంటుందో మాక్ టెస్టు రోజే చూసుకో. ఇబ్బంది అనిపిస్తే ఆ కప్పు వదిలెయ్యి. డబ్బాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకులు వద్దే వద్దు. అందులోనూ ఒక కప్పు కాఫీకి దగ్గరగా కెఫీన్, దాంతోపాటు ఐదారు చెంచాల చక్కెర ఉంటాయి.

ఇదంతా పరీక్ష రోజు మొదటిసారి చేస్తే కుదరదు. పొట్టకి వేళలు అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే ఈ మూడు వారాల్లో మొదటి వారం కాఫీ తగ్గించడానికి, ఒంటిగంట భోజనాన్ని తగ్గించడానికి వాడుకో. రెండో వారం నుంచి రోజు విడిచి రోజు 2 నుంచి 5 దాకా గడియారం పెట్టుకుని మాక్ పేపర్ రాయి. మీ పరీక్షలు కూడా ఎలాగూ మధ్యలో ఒక రోజు విడిచే వస్తాయి. మాక్ రాసే రోజు పరీక్ష రోజు తిండే తిను, అదే డబ్బా, అదే వేళ. రాసేటప్పుడు ఎన్నింటికి కళ్ళు బరువెక్కాయో, ఎన్నింటికి ఆకలేసిందో జవాబుపత్రం అంచున ఒక చుక్క పెట్టుకో. మూడింటి లోపే బరువెక్కితే అన్నం ఇంకా ఎక్కువగా ఉన్నట్టు, లేదా రాత్రి నిద్ర చాలనట్టు. నాలుగున్నర ముందే ఆకలి దహించుకుపోతే పొద్దున్న టిఫిన్‌లో ప్రొటీన్ తక్కువైనట్టు. అక్కడ ఇంకో గుడ్డు పెంచు, అన్నం మాత్రం పెంచకు. మూడు నాలుగు మాక్‌లకి నీ పాళ్ళు నీకే తెలిసిపోతాయి.

మాక్ లేని రోజుల్లో హాస్టల్ భోజనమే తినొచ్చు. మూడు విడతల అన్నాన్ని రెండుగా చెయ్యి, ఒకటి సాంబారుతో, ఒకటి మజ్జిగతో. హాస్టల్ సాంబారు పల్చగా ఉంటుందని అందరూ తిట్టుకుంటారు కానీ, పప్పు గిన్నె అడుగున ఉంటుంది. వడ్డించే అక్కతో అడుగు నుంచి ఒక గరిటె వెయ్యమను. కూట్టు పెట్టిన రోజు రెండుసార్లు వేయించుకో, అందులో కూరగాయా ఉంది, పప్పూ ఉంది. ఇన్ని గంటలు కూర్చునేవాళ్ళకి మలబద్ధకం తప్పదు. ఈ పొరియల్, కూట్టు, రోజుకో జామకాయ దానికి మందు. తిన్నాక మేడ మీద పది నిమిషాలు నడిచి, అప్పటికీ నిద్ర ఆగకపోతే అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకో. అంతకు మించితే గాఢనిద్రలోకి వెళ్ళి, లేచాక అరగంట దాకా తల తిమ్మిరిగా ఉంటుంది. మాక్ రోజుల్లో మాత్రం ఈ కునుకు వద్దు.

కుర్చీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముప్పావు గంటకొకసారి లేచి రెండు మూడు నిమిషాలు కదులు. నీళ్ళ సీసా గదిలో పెట్టుకోకుండా కింద అంతస్తులో నింపుకో, మెట్లెక్కి దిగడం దానంతట అదే అవుతుంది. ఆడిట్, లా లాంటి థియరీ పేపర్లు పుస్తకం పట్టుకుని నడుస్తూ చదవొచ్చు. సాయంత్రం ఐదున్నరకి ఒకసారి పానగల్ పార్కు దాకా వెళ్ళిరా. వచ్చేటప్పుడు బజ్జీల బండి దగ్గర ఆగకుండా ఒక కప్పు సుండల్ కొనుక్కో, వేడిగా పొగలు వస్తుంటేనే. కోసి పెట్టిన పండ్లు, పానీపూరీ, రోడ్డు పక్క చట్నీలు ఈ మూడు వారాలూ, పరీక్షలయ్యేదాకా ముట్టుకోవద్దు. విరామం రోజున బిర్యానీ తిందామని ఎవరైనా అంటే ఆఖరి పేపర్ రాత్రికి వాయిదా వెయ్యి.

రాత్రి ఆకలి నీ తప్పు కాదు. ఏడున్నరకి రెండు దోసెలు తిని ఒంటిగంట దాకా మేలుకుంటే ఎవరికైనా ఆకలేస్తుంది. నిజానికి పదకొండున్నరకల్లా పడుకుంటే ఈ సమస్యే ఉండదు. పరీక్ష రోజుల్లో ఆరున్నర, ఏడు గంటల నిద్ర లేకపోతే నేను ఇంతవరకు చెప్పిన తిండి సర్దుబాట్లన్నీ సగమే పని చేస్తాయి. రోజుకి పావుగంట చొప్పున పడుకునే వేళ ముందుకి జరుపుకుంటూ రా. అప్పటిదాకా పదిన్నరకి ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన శనగలు తీసుకో. ఇంటి నుంచి సున్నుండలు వస్తే ఒకటి. మినుముల్లో మంచి ప్రొటీన్ ఉంది కానీ నెయ్యి, బెల్లం కూడా ఉన్నాయి కాబట్టి రెండోది మర్నాటికి. నూడుల్స్‌లో ఉండేది మైదా, నూనె, ఉప్పు. తిన్న గంటకి దాహం, తెల్లారి మొహం ఉబ్బు.

అమ్మ చెప్పిన బాదంపప్పులు తిను. పది బాదంపప్పుల్లో రెండున్నర గ్రాముల ప్రొటీన్, కొంత మంచి కొవ్వు ఉంటాయి. రాత్రి నానబెట్టుకుని పొద్దున్న తింటే నములుకోవడానికి సులువు. జ్ఞాపకశక్తి అమాంతం పెంచే గుణం మాత్రం బాదంకీ లేదు, ఇంకే పప్పుకీ లేదు. హాస్టల్ ఖర్చుల్లో బాదం బరువైతే అంతే బరువు వేరుశనగల్లో ప్రొటీన్ ఇంకొంచెం ఎక్కువే ఉంటుందని అమ్మకి చెప్పు.

ఆఖరిగా ఒక అనుమానం. ఇన్ని మార్పులు చేసినా పది రోజుల్లో మత్తు తగ్గకపోతే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా పచ్చి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు నమలాలనిపిస్తుంటే ఒకసారి రక్తపరీక్ష చేయించుకో. మన ఆడపిల్లల్లో చాలామంది బియ్యం తినడాన్ని ఒక అలవాటనుకుంటారు. అది ఒంట్లో ఐరన్ తక్కువైందని చెప్పే గుర్తు కావచ్చు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే అది రక్తహీనత, అప్పుడు తిండి ఒక్కటే సరిపోదు, డాక్టర్ రాసిన మాత్రలు కావాలి. ఆ మాత్రలు పని చెయ్యడానికి వారాలు పడుతుంది, కొందరికి మలబద్ధకమో, కడుపులో తిప్పడమో ఉంటుంది. అందుకే పరీక్షలకి రెండు రోజుల ముందు కాదు, ఈ వారంలోనే పరీక్ష చేయించు. ఐరన్ తక్కువున్నా లేకపోయినా, కాఫీ టీలు భోజనానికి గంట ముందూ గంట తర్వాతా తాగొద్దు. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి. నీ ఒంటిగంట కాఫీ పదకొండున్నర భోజనానికి గంటకి పైగా దూరంలోనే ఉంది కాబట్టి దాన్ని అలాగే ఉంచుకో. ఒంటిగంటకి అన్నం తినే మామూలు రోజుల్లో మాత్రం ఆ కప్పుని మూడింటికి జరుపు.